మెదడును తట్టే అయస్కాంతం

రాగి తీగ చుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో విద్యుత్తు పుడుతుంది. కదల్చకుండా ఊరకే ఉంచితే ఏమీ పుట్టదు. ఈ సంగతిని 1831లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే కనుగొన్నాడు. జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు పనిచేసేది ఈ సూత్రం మీదనే. నేడు కొన్ని వైద్యశాలలలో రోగి కూర్చునే కుర్చీ పక్కన కూడా ఇదే సూత్రం పనిచేస్తున్నది. అయితే అక్కడ విద్యుత్తు పుట్టేది తీగలో కాదు, మనిషి మెదడులో. మందులకు లొంగని మానసిక కుంగుబాటుకు చేసే చికిత్స ఇది. ఆసుపత్రులలో దీనిని టి.ఎం.ఎస్. అనే పొడి అక్షరాలతో పిలుస్తారు.

కుంగుబాటు అంటే ఒకనాటి దిగులు కాదు. పరీక్ష తప్పినప్పుడో, అయినవారు దూరమైనప్పుడో కలిగే దుఃఖం రోజులు గడిచేకొద్దీ పలచబడుతుంది. కుంగుబాటు వ్యాధి అలా కాదు. రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా మనసు బరువుగా ఉంటుంది. ఇష్టమైన పనిమీద కూడా ఆసక్తి పోతుంది. నిద్ర, ఆకలి తప్పుతాయి. చిన్న నిర్ణయం తీసుకోవాలన్నా కొండ ఎత్తినట్లు ఉంటుంది. బతకడం ఎందుకన్న ఆలోచనలు కూడా రావచ్చు. ఇది సోమరితనం కాదు, గాలి సోకడమూ కాదు. దీనిని ఇంగ్లీషులో డిప్రెషన్ అంటారు.

ఈ జబ్బుకు మంచి మందులు ఉన్నాయి. కాని ఒక మందు పనిచేస్తుందో లేదో తెలియాలంటే, సరైన మోతాదులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడి చూడాలి. అది పనిచేయకపోతే మరొకటి మొదలుపెట్టాలి. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందులో మొదటి మందుతో సుమారు మూడో వంతు మందికి జబ్బు నెమ్మదించింది. రెండు విడతల చికిత్స ఫలించక మూడో విడతకు వెళ్ళినవారిలో మాత్రం ఏడుగురిలో ఒక్కరే అలా కోలుకున్నారు. అంటే రెండు మందులు విఫలమైన తరువాత, మూడో మందుమీదనే ఆశ పెట్టుకుని కూర్చోవడం చాలామందికి ఫలితం ఇవ్వదు. అయస్కాంత చికిత్స అవసరం ఏర్పడేది ఇక్కడనే.

మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. కనుక బయటి నుంచి విద్యుత్తు పంపి వాటిని పనిచేయించవచ్చునని శాస్త్రజ్ఞులకు ఎప్పుడో తోచింది. 1980లో లండనులో ఇద్దరు శాస్త్రజ్ఞులు నెత్తిమీద నుంచి విద్యుత్తు పంపి చేతి కండరాన్ని కదిలించారు. కాని పుర్రె ఎముక విద్యుత్తును సులభంగా లోపలికి పోనివ్వదు. అందుకు తగినంత విద్యుత్తును వాడితే నెత్తి చర్మం విపరీతంగా నొప్పి పెడుతుంది. అయస్కాంత క్షేత్రానికి ఆ చిక్కు లేదు. చర్మం, ఎముక దానికి అడ్డు కావు. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో ఆంటొనీ బార్కర్, ఆయన సహచరులు ఒక తీగ చుట్టను తలపైన పట్టుకుని, చేతిని కదిలించే మెదడు భాగాన్ని నొప్పి లేకుండా ప్రేరేపించారు. పదేళ్ళ తరువాత 1995లో, అమెరికాలో మార్క్ జార్జ్ బృందం మందులకు లొంగని కుంగుబాటుతో బాధపడుతున్న ఆరుగురికి రోజూ ఈ ప్రేరణ ఇచ్చి చూసింది. వారిలో ఇద్దరికి చెప్పుకోదగిన మేలు కలిగింది. 2008లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈ చికిత్సకు అనుమతి ఇచ్చింది.

యంత్రం పని తీరు ఇలా ఉంటుంది. రాగి తీగను 8 అంకె ఆకారంలో చుట్టి, ప్లాస్టిక్ తొడుగులో బిగిస్తారు. యంత్రంలో నిలవచేసిన విద్యుత్తును ఒక్కసారిగా ఆ తీగలోకి వదులుతారు. సెకనులో వెయ్యో వంతు కూడా పట్టని ఆ కాలంలో, ఎం.ఆర్.ఐ. యంత్రంలోని అయస్కాంతానికి సాటివచ్చే బలమైన అయస్కాంత క్షేత్రం పుట్టి మాయమవుతుంది. ఇంత వేగంగా మారే క్షేత్రం వల్ల మెదడు పైపొరలో చిన్న విద్యుత్ ప్రవాహం కలుగుతుంది. 8 అంకెలోని రెండు సున్నాలు కలిసేచోట దాని బలం ఎక్కువ. నెత్తి నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాటితే దాని ప్రభావం తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. సంతలలో, దుకాణాలలో అయస్కాంతపు పట్టీలు, కంకణాలు అమ్ముతుంటారు. వాటిలోని అయస్కాంతం మారదు. మారని క్షేత్రం నిలకడగా ఉన్న మెదడులో విద్యుత్తును పుట్టించలేదు. పేరులో అయస్కాంతం ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

చికిత్స ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. నలభై ఏళ్ళ పంతులమ్మ ఒకామె ఉన్నదనుకుందాం. ఏడాదిగా ఆమెకు కుంగుబాటు. రెండు మందులు ఒకదాని తరువాత ఒకటి తగినంత మోతాదులో, తగినంత కాలం వాడినా గుణం కనిపించలేదు. ఆమె సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నది. మానసిక వైద్యుడు ఆమెను ఈ చికిత్సకు పంపాడు.

మొదటి రోజు ముందుగా ప్రశ్నలు అడుగుతారు. తలలో ఎప్పుడైనా లోహపు ముక్కలు, క్లిప్పులు అమర్చారా? చెవి లోపల వినికిడి పరికరం అమర్చే ఆపరేషన్ జరిగిందా? గుండెకు పేస్‌మేకర్ ఉన్నదా? ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా? ఈ ప్రశ్నలు లాంఛనానికి అడిగేవి కావు. బలమైన అయస్కాంత క్షేత్రం తలలోని లోహాన్ని కదిలించవచ్చు, వేడెక్కించవచ్చు. అక్కడ అమర్చిన విద్యుత్ పరికరాన్ని పాడుచేయవచ్చు. ఈ ఇబ్బందులేవీ లేవని తేలిన తరువాత, చెవి కమ్మలు, జడపిన్నులు తీసి పక్కన పెట్టమంటారు. జుట్టు తీయించుకోనక్కరలేదు. మత్తుమందు ఇవ్వరు. చెవులలో శబ్దం ఆపే బిరడాలు పెట్టి, పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటి వాలు కుర్చీలో కూర్చోబెడతారు.

తరువాత జరిగేది రోగికి వింతగా తోస్తుంది. వచ్చింది మనసుకు వైద్యం కోసం. వైద్యుడు చూస్తున్నది ఆమె కుడిచేతి బొటనవేలి వంక. తీగ చుట్టను తలకు ఎడమవైపున ఆనించి ఒక్కొక్క తట్టు వదులుతూ, చుట్టను కొద్దికొద్దిగా జరుపుతాడు. ఒకచోట ఆమె ప్రమేయం లేకుండానే బొటనవేలు చటుక్కున కదులుతుంది. మెదడు ఎడమ భాగం కుడి చేతిని నడుపుతుంది కనుక ఇలా జరుగుతుంది. అప్పుడు యంత్రం బలాన్ని తగ్గించుకుంటూ వస్తారు. పది తట్లలో అయిదింటికి మాత్రమే వేలు కదిలే బలం ఆమెకు తగిన హద్దు.

ఈ కొలత ఎందుకంటే, చికిత్స చేయవలసిన చోటు వేరు. అది నుదుటికి ఎడమ పక్కన, కొంచెం పైన, పుర్రె కింద ఉన్న మెదడు భాగం. ఆలోచనలను, భావాలను అదుపులో ఉంచే పనిలో దానికి పాత్ర ఉన్నది. కుంగుబాటులో ఆ భాగం మందకొడిగా ఉంటుందని చాలా పరిశోధనలలో కనిపించింది. అయితే దానిని ప్రేరేపించినప్పుడు బయటికి ఏ గుర్తూ కనిపించదు. దెబ్బ తగిలిందో లేదో చెప్పే వేలు దానికి లేదు. అందుకని కనిపించే చోట కొలత తీసుకుని, కనిపించని చోట వాడతారు. పుర్రె మందం, మెదడు స్పందించే తీరు మనిషికీ మనిషికీ వేరు కాబట్టి అందరికీ ఒకే కొలత పనికిరాదు. మన పంతులమ్మకు యంత్రం బలం 50 దగ్గర వేలు కదిలిందనుకుందాం. చికిత్సకు సాధారణంగా దానికి నూటికి 20 పాళ్ళు ఎక్కువ తీసుకుంటారు. అంటే ఆమెకు 60. వేలు కదిలిన చోటు నుంచి అయిదారు సెంటీమీటర్లు ముందుకు కొలిచో, తల కొలతల ఆధారంగా లెక్కకట్టో చికిత్స చోటును గుర్తిస్తారు.

ఇక చికిత్స మొదలవుతుంది. చిరకాలంగా వాడుకలో ఉన్న పద్ధతిలో సెకనుకు 10 తట్ల చొప్పున 4 సెకన్లు తడతారు. తరువాత 26 సెకన్లు విరామం. అంటే ప్రతి అర నిమిషానికీ 40 తట్లు. ఇలా 75 సార్లు చేస్తే మొత్తం 3000 తట్లు. అందుకు 37 నిమిషాల 30 సెకన్లు పడుతుంది.

ఆ సమయంలో రోగికి ఏమి అనిపిస్తుంది? మొదట వినిపించేది గట్టి టకటక శబ్దం. తీగలో విద్యుత్తు దూసుకుపోయిన ప్రతిసారీ తీగ అదిరి ఆ శబ్దం వస్తుంది. చెవి బిరడాలు అందుకోసమే. ఇక స్పర్శ సంగతి. వడ్రంగిపిట్ట ముక్కుతో నెత్తిమీద పొడుస్తున్నట్లు ఉంటుందని చాలామంది చెబుతారు. నొప్పి మెదడులో పుట్టదు, ఎందుకంటే మెదడుకు స్పర్శ తెలియదు. నెత్తి చర్మంలోని నాడులు, కండరాలు కూడా అదే తట్టుకు లోనవుతాయి కనుక ఆ పోటు కలుగుతుంది. కొందరికి ఎడమ కనురెప్ప కొట్టుకుంటుంది. కొందరికి దవడ బిగుస్తుంది. మరికొందరికి పంటిలోనో, కనుబొమ్మలోనో సూది గుచ్చినట్లు ఉంటుంది. అప్పుడు రోగి ఓర్చుకుని ఊరుకోకూడదు, చెప్పాలి. చుట్టను కొద్దిగా తిప్పితే నొప్పి తగ్గవచ్చు. మొదటి రోజులలో బలం తక్కువగా మొదలుపెట్టి, అలవాటు పడ్డాక పూర్తి బలానికి తీసుకుపోవడమూ ఉన్నది.

విరామాలలో పంతులమ్మ పక్కనున్న సహాయకురాలితో మాట్లాడవచ్చు. తల మాత్రం కదల్చకూడదు. చుట్ట ఒక సెంటీమీటరు పక్కకు జరిగినా తట్టు వేరే చోట పడుతుంది. అంతవరకు లేని చోట నొప్పి మొదలైనా, చెయ్యి కదలడం కనిపించినా చుట్ట జరిగిందని గ్రహించి సరిచేస్తారు. పని ముగిశాక ఆమె లేచి నడిచి ఇంటికి పోవచ్చు. జ్ఞాపకశక్తి చెడదు. మొదటి వారంలో తలనొప్పి రావడం మామూలు. సాధారణ తలనొప్పి మాత్రతో అది తగ్గుతుంది. రోజులు గడిచేకొద్దీ నెత్తి కూడా ఆ పోటుకు అలవాటు పడుతుంది.

వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు ఇలా జరగాలి. రోగి మనసుకు కష్టమైన భాగం ఇదే. మొదటి వారం గడిచినా ఏమీ మారదు. ఎన్నో ఆశలు పెట్టుకుని వచ్చినవారికి ఇది కూడా దండగేనన్న నిరాశ కలుగుతుంది. పైగా మార్పు మొదలైనా దానిని ముందు గమనించేది చాలాసార్లు రోగి కాదు, ఇంట్లోవాళ్ళు. అన్నం రెండోసారి వడ్డించుకున్నదనో, తెల్లవారుజామున లేచి కూర్చోవడం తగ్గిందనో వారు చెబుతారు.

అందువల్ల వైద్యులు ఒకరి మాటమీద ఆధారపడక, తరచుగా ప్రశ్నలు అడిగి అంకెలు వేస్తారు. నిద్ర, ఆకలి, దిగులు, అపరాధభావం, పనిమీద ఆసక్తి మొదలైన 17 విషయాలకు వేసే అంకెల మొత్తమే హామిల్టన్ కొలమానం. మాక్స్ హామిల్టన్ అనే వైద్యుడు దీనిని 1960లో ప్రచురించాడు. మొత్తం ఎంత ఎక్కువైతే జబ్బు అంత తీవ్రం. మన పంతులమ్మకు మొదట 24 వచ్చిందనుకుందాం. రెండు వారాల తరువాత 21. ఇది చెప్పుకోదగిన మార్పు కాదు. నాలుగు వారాలకు 12. మొదటి అంకెలో సగానికి తగ్గింది కాబట్టి చికిత్సకు స్పందించినట్లు లెక్క. ఆరు వారాలకు 7. ఏడు, అంతకంటే తక్కువ వస్తే జబ్బు నెమ్మదించినట్లు భావిస్తారు. ఆమె తిరిగి బడికి పోవడానికి సిద్ధపడింది.

ఇది మేలు జరిగిన కథ. అందరికీ ఇలా జరగదు. తలకు ఏదో పెద్ద యంత్రం పెట్టారు, రోజూ ఎవరో ఆదరంగా మాట్లాడారు అన్న నమ్మకంతోనే కొందరికి కొంత గుణం కనిపిస్తుంది. ఆ భాగాన్ని వేరుచేసి చూడడానికి 2010లో ఫలితాలు వెలువడిన ఒక పరిశోధనలో 190 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు నిజమైన చికిత్స, రెండో జట్టుకు ఉత్తుత్తి చికిత్స. ఉత్తుత్తి యంత్రం కూడా శబ్దం చేస్తుంది, నెత్తిమీద పొడుస్తుంది, కాని అయస్కాంత క్షేత్రాన్ని మెదడు దాకా పోనివ్వదు. మూడు వారాల నిర్ణీత చికిత్స ముగిసేసరికి నిజమైన చికిత్స పొందినవారిలో నూటికి 14 మందికి, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో నూటికి 5గురికి జబ్బు నెమ్మదించింది. అంటే యంత్రానికి తనదైన గుణం ఉన్నదని తేలింది. ఆ గుణం మహత్తు కాదనీ తేలింది.

2018లో కెనడా దేశపు పరిశోధన ఒకటి ప్రచురితమైంది. అందులో 414 మంది పాల్గొన్నారు. పాత 37 నిమిషాల పద్ధతిని కొత్త 3 నిమిషాల పద్ధతితో పోల్చారు. కొత్త పద్ధతిలో తట్లు మూడేసి గుత్తులుగా పడతాయి. సెకనుకు అయిదు గుత్తుల చొప్పున 2 సెకన్లు తట్టి, 8 సెకన్లు ఆపుతారు. అంటే ఒక విడతకు 30 తట్లు, 20 విడతలకు 600 తట్లు. నాలుగు నుంచి ఆరు వారాల చికిత్స తరువాత రెండు జట్లలోనూ దాదాపు సగం మంది స్పందించారు. జబ్బు నెమ్మదించినవారు పాత పద్ధతిలో నూటికి 27, కొత్త పద్ధతిలో నూటికి 32 మంది. ఈ పరిశోధనలో ఉత్తుత్తి జట్టు లేదు కనుక, ఈ అంకెలను 2010 నాటి అంకెలతో నేరుగా పోల్చకూడదు. తేలిన విషయం ఒక్కటే. తక్కువ సమయం తీసుకున్నందువల్ల గుణం తగ్గలేదు. ఒక రోజులో పదిమందికి పనికివచ్చే యంత్రం ఇంకా ఎక్కువమందికి పనికిరావడానికి ఈ ఫలితం దారి చూపింది.

ఈ చికిత్సలో భయపడవలసిన ప్రమాదం మూర్ఛ. అది చాలా అరుదు. వెయ్యిమందికి చికిత్స చేస్తే ఒక్కరికి కూడా రాకపోవచ్చు. అయినా వస్తే ఏమి చేయాలో తెలిసినవారు పక్కన ఉండాలి. రాత్రి నిద్ర లేకపోయినా, మద్యం తాగడం ఒక్కసారిగా మానినా, కొన్ని రకాల మందులు కొత్తగా మొదలుపెట్టినా మెదడు తేలికగా ఉద్రేకపడుతుంది. నిన్నటి 60 నేటికి ఎక్కువ కావచ్చు. కాబట్టి ప్రతిరోజూ రాత్రి నిద్ర ఎలా ఉన్నది, మందులేమైనా మారాయా అని అడుగుతారు. మార్పు ఉంటే బొటనవేలి కొలత మళ్ళీ తీసుకుంటారు. తట్టు ఆగిన తరువాత కూడా చెయ్యి అదురుతూ ఉంటే వెంటనే యంత్రాన్ని ఆపివేస్తారు.

దీనిని కరెంటు చికిత్సతో కలిపి చెప్పడం పొరపాటు. కరెంటు చికిత్సలో రోగికి మత్తు ఇచ్చి, మెదడులో మూర్ఛను కావాలనే కలిగిస్తారు. దానివల్ల కొంతకాలం మతిమరుపు ఉండవచ్చు. అయితే రోగి అన్నం నీళ్ళు మానివేసినప్పుడు, లేనిపోని భ్రమలు కలుగుతున్నప్పుడు, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు అదే త్వరగా, ఎక్కువగా పనిచేస్తుంది. అటువంటివారిని వారాల తరబడి అయస్కాంత చికిత్సతో నిలబెట్టడం తగదు. ఈ చికిత్సతో కోలుకున్నవారికి కూడా కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టవచ్చు. అందుకే చాలామందికి మందులనూ, మాటల ద్వారా చేసే చికిత్సనూ కొనసాగిస్తారు. తిరగబెడితే తట్లను మరొకసారి ఇస్తారు. మొదటిసారి గుణం పొందినవారిలో చాలామందికి రెండోసారి కూడా మేలు కలుగుతుంది.

మన దేశంలో బెంగుళూరులోని నిమ్హాన్స్ వంటి ప్రభుత్వ సంస్థలలో, పెద్ద నగరాలలోని కొన్ని ప్రైవేటు ఆసుపత్రులలో ఈ చికిత్స దొరుకుతుంది. కాని పల్లెలో ఉండే రోగికి యంత్రం ధర కంటె దూరం పెద్ద అడ్డంకి. మూడు నిమిషాల చికిత్స కోసం నెల రోజులకు పైగా ప్రతిరోజూ నగరానికి వచ్చిపోవాలి, లేదా అక్కడే ఉండాలి. ఎవరికి ఇది తగినదో నిర్ణయించవలసింది మానసిక వైద్యుడు. ఆ వైద్యుడిని ఎక్కడ కలుసుకోవాలో తెలియనివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో 14416 అనే ఉచిత టెలిఫోను సేవను ప్రారంభించింది. టెలి మానస్ అనే ఆ సేవ తెలుగులోనూ అందుతుంది.